చిరునామాలో మనిషి కనబడనప్పుడు: జవాబు మెయిల్‌లో మొదటి లైను

(చేతివృత్తుల వారి తరఫున కొనుగోలుదారుల ఉత్తరాలకు జవాబులు రాసే సిబ్బంది ముందు విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చూశారా, మిమ్మల్నందరినీ పలకరించేశాను. ఎవరి పేరూ అనలేదు. ఇక్కడ గుమాస్తాలెవరో, సంఘం లెక్కలు రాసేవారెవరో, ఆడవాళ్లెందరో మగవాళ్లెందరో చూడలేదు. అయినా ఎవరికీ లోటనిపించలేదు. నోటికి ఇంత తేలిగ్గా వచ్చే మాట, మెయిల్‌కి జవాబు రాయడానికి కూర్చునేసరికి చేతికి రాదు. మొదటి లైను దగ్గరే వేళ్లు ఆగిపోతాయి. "అయ్యా" అనాలా, "మేడమ్" అనాలా, డాక్టరు గారేమో, హెడ్మాస్టరు గారేమో, ఏమనాలి? చివరికి చాలామంది "అయ్యా" అని కొట్టేస్తారు. బడిలో సెలవుచీటీ రాసిన నాటి నుంచీ చెయ్యి దానికే అలవాటు పడింది మరి.

ఇవాళ బోలెడు మెయిళ్లు చూడబోవడం లేదు. ఒక్కటే చూద్దాం. దాన్ని పూర్తిగా విప్పుదాం. ఈ పాఠం కోసం తయారుచేసిన మెయిలే ఇది, కాకపోతే ఇలాంటివి మీ పెట్టెలో వారానికి నాలుగు ఉంటాయి. బొబ్బిలి వీణలు అమ్మే చోటికి వచ్చిందనుకోండి. బోర్డు మీద రాస్తున్నాను.

పంపినవారి పేరు దగ్గర `P Simhachalam` అని ఉంది. చిరునామా `psimhachalam.hm@example.com`. లోపల ఇంతే ఉంది:

"నమస్తే. మా బడి వార్షికోత్సవానికి జ్ఞాపికలుగా ఇవ్వడానికి చిన్న వీణలు 25 కావాలి. ఒక్కొక్కటి ఎంత అవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది తెలుపగలరు. P S"

దీనికి జవాబు రాయాలి. ఎవరికి?

ముందు పేరు చూద్దాం. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న మనిషి ఈ పేరు చూస్తే ఆలోచించకుండా మగవారనే అనుకుంటాడు. మనకు అలా కుదరదు. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని పెట్టుకున్న పేర్లు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటింటా ఉంటాయి. సింహాచలం అన్న పేరు మగపిల్లవాడికీ పెడతారు, ఆడపిల్లకీ పెడతారు. పైడితల్లి కూడా అంతే. అమ్మవారి పేరు కదా అని ఆడవారనుకుంటే, పైడితల్లి అని పేరున్న మగవాళ్లు మన వీధిలోనే దొరుకుతారు. రమణ అంటే వెంకటరమణ కావచ్చు, రమణమ్మ కావచ్చు. లక్ష్మి అన్న ముక్క చూసి ఆడవారని తేల్చేస్తే అది లక్ష్మీనారాయణకు పొట్టి చేసిన చిరునామా అవుతుంది. గౌరి అంటే గౌరమ్మా కావచ్చు, గౌరీశ్వరరావూ కావచ్చు.

ఇంకో చిక్కు ఇంగ్లీషు అక్షరాల వల్ల వస్తుంది. `Rama` అని ఉందనుకోండి. అది రమ గారా, రామ గారా? తెలుగులో ఒక్క దీర్ఘం తేడా. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తేడా కనబడదు. మీరు జవాబు తెలుగులో రాస్తున్నారు కనుక రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. ఎంచుకున్న మరుక్షణం అవతలి మనిషి ఆడో మగో మీరే తీర్పు చెప్పేసినట్టు అవుతుంది. ల, ళల దగ్గర, న, ణల దగ్గర, త, టల దగ్గర కూడా ఇదే ఇబ్బంది, కాకపోతే అక్కడ పోయేది అక్షరమే. "రమ గారికి" అని రాస్తే రామారావు గారి మనసులో పోయేది వేరే.

అందుకని మొదటి జవాబులో నేను చెప్పేది ఇది. వాళ్లు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసి ఉంటే, అది తెలుగులో ఎలా రాయాలో మీకు ఖాయంగా తెలియకపోతే, వాళ్లు కొట్టిన అక్షరాలనే ఉన్నవి ఉన్నట్టు దించేయండి. `Rama K` గారికి నమస్కారం, అంతే. తెలుగు ఉత్తరంలో ఇంగ్లీషు అక్షరాలు కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా ఫర్వాలేదు. తప్పుగా రాసిన పేరుకంటే అది మేలు. మన సింహాచలం పేరుకి ఆ బాధ లేదు. ఎలా చదివినా ఒకేలా పలుకుతుంది కనుక తెలుగులో రాసేయవచ్చు.

ఇక ముందున్న `P`. మన వైపు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. కాబట్టి `P` ఇంటిపేరు పొడి అక్షరం అనుకోవచ్చు. చాలావరకు నిజమే. కానీ మెయిల్ ఖాతా తెరిచేటప్పుడు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు అడుగుతుంది. కొందరు ఇంటిపేరు మొదటిది కదా అని మొదటి గడిలో ఇంటిపేరు కొడతారు, కొందరు ఇంగ్లీషు పద్ధతిలో చివరి గడిలో కొడతారు. దాంతో తెర మీద కనబడే రెండు మాటల్లో ఏది పిలిచే పేరో చెప్పలేం. కంప్యూటరు పంపే ఉత్తరాల్లో "డియర్ గొర్లె" అని, "డియర్ మజ్జి" అని వస్తుంటాయి, అవి ఇలాగే పుడతాయి. మన తెలుగులో ఇంటిపేరు ఒక్కదానికే "గారు" తగిలించి ఉత్తరంలో పలకరించడం అలవాటు లేదు. పిలిచే పేరుకే తగిలిస్తాం. అయితే ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు నుంచి వచ్చే మెయిళ్ల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఒడియా కుటుంబాలు ఉన్నాయి. పట్నాయక్, పాణిగ్రాహి, సాహు లాంటి ఇంటిపేర్లు చివర ఉంటాయి, పట్నాయక్ గారు అని పిలవడం అక్కడ మామూలే. ఏది ఏదో తెలియకపోతే ఏం చెయ్యాలి? విడదీయకండి. రెండు మాటలూ కలిపి, వాళ్లు రాసిన వరసలోనే రాసి, చివర "గారు" పెట్టండి. పూర్తి పేరుకి గారు తగిలిస్తే ఎవరికీ బాధ ఉండదు.

ఇప్పుడు అసలు ఊరించే ముక్క దగ్గరికి వద్దాం. `.hm` అని ఉంది. వెంటనే హెడ్మాస్టర్ గారు అనుకుంటాం. మెయిల్‌లో బడి ప్రస్తావన కూడా ఉంది కనుక మనకు ఇంకా ధైర్యం వస్తుంది. కాస్త ఆగండి. అది హెడ్మాస్టర్ కావచ్చు. హెడ్‌మిస్ట్రెస్ కావచ్చు, ఇంగ్లీషులో ఆ రెంటికీ పొడి అక్షరాలు ఒకటే. పదేళ్ల కింద ఆ పదవిలో ఉండి తెరిచిన ఖాతా కావచ్చు, ఇప్పుడు రిటైరై ఉండవచ్చు. బడి పేరు మీద తెరిచిన ఖాతాని ఇప్పుడు వేరే టీచరు చూస్తూ ఉండవచ్చు. అసలవి ఏవో పొడి అక్షరాలే కావచ్చు.

చిరునామాలో ఉన్న హోదా ముక్క ఏనాటిదో చిరునామా చెప్పదు. తహసీల్దార్ కార్యాలయం ఖాతాలో ఇంకా `mro` అని ఉండవచ్చు, ఆ పదవి పేరు మారి చాలా కాలమైనా సరే. ఊరి ముక్కల సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక పాలకొండ శ్రీకాకుళం జిల్లాలో లేదు, పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. చిరునామా మాత్రం పాతదే నడుస్తుంది. హోదాని జవాబులో వాడాలంటే అది వాళ్ల సంతకం కింద, ఈ మెయిల్‌లోనే, వాళ్ల చేత్తోనే రాసి ఉండాలి.

డాక్టర్ అన్న మాట దగ్గర మరీ జాగ్రత్త. `drrao` అని ఉంటే డాక్టర్ రావు గారా, డి.ఆర్. రావు గారా? రెండూ కుదురుతాయి. ఇక్కడ నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. నిజంగా డాక్టర్ అయిన మనిషిని రావు గారు అంటే పెద్దగా పోయేదేమీ లేదు, కింద సంతకంలో ఆయనే రాస్తారు, మీరు తర్వాత సరిచేసుకుంటారు. డాక్టర్ కాని మనిషిని డాక్టర్ గారు అంటే, "అబ్బే, నేను కాదండీ" అని ఆ మనిషే చెప్పుకోవాల్సి వస్తుంది. లేని హోదాని కాదనుకోవడం చిన్నతనంగా ఉంటుంది. చాలామంది కాదనరు కూడా, ఊరుకుంటారు. ఇక మీ ఉత్తరాలన్నింట్లోనూ ఆ తప్పు అలా సాగుతూనే ఉంటుంది. కాబట్టి అనుమానం ఉంటే హోదా వదిలేయండి.

అంకెల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. `1974` అని ఉంటే పుట్టిన సంవత్సరం అనుకుని, పెద్దవారు కదా అని "పూజ్యులు" అని రాసేవారున్నారు. `30` ఉంటే శ్రీకాకుళం పాత బండి నంబరు, `35` ఉంటే విజయనగరం పాత బండి నంబరు కావచ్చు. `che` అని ఉంటే అది శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషను కోడ్, పాత చికాకోల్ పేరు నుంచి వచ్చింది. అంకెల్ని బట్టి వయసు కట్టకండి.

మన ప్రాంతంలో ఇంకొకటి తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. చిరునామా ఎవరిది అన్నది వేరు, ఉత్తరం ఎవరిది అన్నది వేరు. పల్లెల్లో చాలామందికి మెయిల్ ఖాతా నెట్ సెంటరు కుర్రాడు తెరిచి ఇస్తాడు, లేదా కొడుకు ఖాతా నుంచి తల్లి ఉత్తరం వెళ్తుంది. చిరునామాలో కిరణ్ ఉంటుంది, అడుగున సంతకంలో అప్పలనరసమ్మ ఉంటుంది. జవాబు "కిరణ్ గారికి" అని వెళ్తే, అడిగిన మనిషిని పక్కన పెట్టి ఖాతాదారుకి రాసినట్టవుతుంది. అందుకే చూసే వరస ఇలా ఉండాలి: ముందు ఉత్తరం అడుగున సంతకం, తర్వాత పంపినవారి పేరు దగ్గర కనబడేది, ఆ తర్వాతే చిరునామా. జతచేసిన కాగితాలు ఉంటే అవీ చూడండి గానీ, దరఖాస్తు మీద ఉన్న పేరు పంపినవారిదే అని ఖాయం చేసుకోకండి. మన మెయిల్‌లో సంతకం `P S` అని రెండు అక్షరాలే. పంపినవారి పేరుతో అది కుదురుతోంది. కాబట్టి రాసింది పి. సింహాచలం గారు అని ధైర్యంగా అనుకోవచ్చు. అంతవరకే. ఆడో మగో తెలియదు, హెచ్.ఎం. అవునో కాదో తెలియదు.

ఉత్తరం లోపలి మాటల్లో ఏమైనా దొరుకుతుందా అని చూస్తారు కొందరు. హిందీలో అయితే "నేను వచ్చాను" అన్న ఒక్క క్రియలోనే ఆడా మగా తెలిసిపోతుంది. తెలుగులో "నేను", "మేము", "మీరు" అన్నప్పుడు క్రియ ఏమీ చెప్పదు. "వచ్చాను" అంటే ఎవరైనా కావచ్చు. ఆడో మగో ఆరా తీసేవాళ్లకి ఇది చిక్కే గానీ, జవాబు రాసే మీకు ఇదే పెద్ద ఆసరా. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

క్రియలో దొరకనిది నామవాచకంలో దొరుకుతుంది. "నేను ఉపాధ్యాయురాలిని" అంటే తేలిపోయింది. "మా ఆవిడ పేరు మీద బిల్లు వెయ్యండి" అన్నా తేలిపోయింది. కానీ ఒక మోసం చేసే మాట ఉంది, బోర్డు మీద రాస్తున్నాను, చూడండి. "నేను విశ్రాంత ఉద్యోగిని." ఇది చదివి ఎవరనుకుంటారు? చాలామంది ఆడవారే అంటారు, ఎందుకంటే ఉద్యోగిని అంటే స్త్రీ కదా. కాదు. ఉద్యోగి అన్న మాటకి "నేను" తోడైతే చివర "ని" వస్తుంది, నేను టీచర్‌ని, నేను రైతుని అన్నట్టు. మగవారు కూడా "నేను ఉద్యోగిని" అనే రాస్తారు. వ్యాకరణం లెక్కన ఆడవారైతే "ఉద్యోగినిని" అని రాయాలి, అలా ఎవరూ రాయరు. కాబట్టి ఆ ఒక్క మాటని పట్టుకుని "అమ్మా" అని మొదలుపెట్టారా, సగం సార్లు దెబ్బతింటారు.

సంతకం పైన రాసే మాట కూడా చూస్తారు. "భవదీయుడు" అంటే మగవారు, "భవదీయురాలు" అంటే ఆడవారు. నిజమే, వాళ్లు ఆలోచించి రాస్తే. కానీ దరఖాస్తు నమూనాలు చేతులు మారుతుంటాయి. "తమ విధేయుడు" అన్న ముక్క నమూనాలోనే ఉంటుంది, కింద పేరు మాత్రం మారుతుంది. అడుగున ఆడవారి పేరు, పైన విధేయుడు, ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. "భవదీయురాలు" అని ఉంటే నమ్మవచ్చు, ఆ మాట ఎవరో పనిగట్టుకుని మార్చి రాసిందై ఉంటుంది. "విధేయుడు" అన్న దాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు.

సరే, తెలియదని తేలింది. ఇప్పుడు మన దగ్గర ఉన్న పిలుపులు ఒక్కొక్కటీ తీసి చూద్దాం.

"అయ్యా". మాటకి గౌరవం ఉంది, మగవారికి. ఆఫీసుకి అర్జీ పెట్టేటప్పుడు అక్కడ ఎవరున్నా "అయ్యా" అని రాసే అలవాటు ఉంది గానీ, అక్కడ మీరు కుర్చీకి రాస్తున్నారు. ఇక్కడ మీకు ఒక మనిషి రాశారు, ఆ మనిషికి మీరు జవాబిస్తున్నారు. ఆ మనిషి ఆడవారైతే, తన ఉత్తరం చూడకుండానే నమూనా పంపారని అర్థమవుతుంది. "ఆర్యా", "మహాశయా" కూడా మగవారి పిలుపులే, పైగా ఇప్పుడు అవి పత్రికలకు రాసే లేఖల్లో తప్ప బతికి లేవు. పాత ఉత్తరాల్లో మ.రా.రా.శ్రీ అని నాలుగక్షరాలు ఉండేవి, మహారాజరాజశ్రీ అన్నమాట. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వాడుక మాట రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ గడ్డ మీద కూర్చుని వీణ బొమ్మల ధర చెప్పడానికి మహారాజరాజశ్రీ ఎందుకు!

"శ్రీ", "శ్రీమతి", "కుమారి". ఈ మూడింటిలో ఏది రాసినా ఆడా మగా చెప్పాలి, రెండింటిలో పెళ్లి సంగతి కూడా చెప్పాలి. మనకు రెండూ తెలియవు. వదిలేయండి.

"అయ్యా / అమ్మా", "సర్ / మేడమ్". మధ్యన గీత పెట్టి రెండూ రాసేది. తప్పు కాదు, కానీ ఆ గీత చూడగానే రైల్వే ఫారం గుర్తొస్తుంది. వర్తించనిది కొట్టివేయండి అన్నట్టుంటుంది. పేరు తెలియని ఆఫీసుకి మొదటిసారి మీరే రాసేటప్పుడు సరే. పేరు పెట్టి మీకు రాసిన మనిషికి మాత్రం బాగోదు.

మన వైపు మాట ఒకటుంది, "బాబూ". ఇక్కడ పెద్దవారిని, అధికారుల్ని కూడా గౌరవంగా "బాబూ" అంటాం. నోటి మాటలో, మనలో మనకి, ఆ గౌరవం వినబడుతుంది. కాగితం మీద అది వినబడదు. కృష్ణా జిల్లా మనిషి చదివితే తనని చిన్నపిల్లాడిలా పిలిచారనుకుంటాడు. "తమరు" కూడా అంతే. మాట్లాడేటప్పుడు వినయం, రాస్తే ఒక్కోసారి వెటకారంలా చదువుకుంటారు. "మీరు" చాలు.

మరి మిగిలిందేమిటి? "గారు". మన భాషలో ఇంతకంటే మంచి పనిముట్టు లేదు. ఆడవారికీ మగవారికీ ఒకటే. పెళ్లి అడగదు, వయసు అడగదు, హోదా అడగదు. పేరుకి తగులుతుంది, పదవికి తగులుతుంది, పూర్తి పేరుకీ తగులుతుంది. "గారికి నమస్కారం" అన్నా, "గారూ" అని చివర సాగదీసి పిలిచినా సరే. పిలుపుగా రాసేటప్పుడు మాత్రం ఆ దీర్ఘం మరవకండి. "సింహాచలం గారు," అని హ్రస్వంతో ఆపితే ఎవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది, పిలిచినట్టు ఉండదు. "శ్రీ సింహాచలం గారు" అని రెండు వైపులా గౌరవం కట్టాల్సిన పని కూడా లేదు.

ఇక జవాబు రాద్దాం. ముందు తప్పు జవాబు రాస్తాను.

"అయ్యా, మీ మెయిల్ చూశాం. హెడ్మాస్టర్ గారైన మీరు మా వీణలు కోరడం సంతోషం సర్."

మూడు ఊహలు, మూడూ గాలిలో ఉన్నాయి. ఆవిడ టీచరై ఉంటే మూడూ తప్పే. ఇంకో సంగతి గమనించండి. మొదటి లైను జాగ్రత్తగా రాసినవాళ్లు కూడా ఇక్కడ, చివర్లో, "సర్" అన్న మాట దగ్గర జారిపోతారు. మాట్లాడేటప్పుడు వాక్యానికో "సర్" వేసే అలవాటు వేళ్లలోంచి పోదు. పంపే ముందు ఉత్తరంలో "సర్", "మేడమ్", "అయ్యా" అన్న మాటలు ఎక్కడైనా మిగిలాయా అని ఒకసారి వెతకండి. అర నిమిషం పని.

ఇప్పుడు సరైనది.

"పి. సింహాచలం గారికి నమస్కారం.

మీ బడి వార్షికోత్సవానికి చిన్న వీణలు 25 కావాలని మీరు రాసిన మెయిల్ అందింది. మా దగ్గర మూడు సైజులు ఉన్నాయి, ధరల పట్టిక జతచేశాం. 25 వీణలు తయారుచేసి ఇవ్వడానికి మూడు వారాలు పడుతుంది. వార్షికోత్సవం తేదీ తెలిపితే దానికి తగ్గట్టు చూస్తాం. జ్ఞాపికల మీద బడి పేరు చెక్కాలంటే పేరు తెలుగులో రాసి పంపండి. బిల్లు ఎవరి పేరు మీద, ఏ హోదాతో వెయ్యాలో కూడా తెలపండి.

నమస్కారాలతో,"

కింద మీ పేరు, మీ పని, ఫోన్ నంబరు. మీ పేరు పూర్తిగా రాయండి. మీరు పొడి అక్షరాలు రాస్తే వాళ్లూ పొడి అక్షరాలే రాస్తారు, మళ్లీ ఇదే చిక్కు.

ఇందులో ఏం జరిగిందో చూడండి. పలకరింపులో మనకు ఖాయంగా తెలిసింది తప్ప ఒక్క అక్షరం అదనంగా లేదు. మరి ఆ మనిషికి, ఇది నాకే రాశారు అని ఎలా తెలుస్తుంది? రెండో లైను వల్ల. "మీ బడి వార్షికోత్సవానికి చిన్న వీణలు 25" అని వాళ్ల మాటల్ని వాళ్లకే తిప్పి చెప్పాం. పేరూ హోదా చెయ్యాల్సిన పనిని వాళ్ల పని గురించిన మాట చేసింది. "మీరు", "తెలపండి", "పంపండి" అన్న క్రియల్లో గౌరవం ఉంది, ఆడా మగా లేదు. ఇందాక ఆసరా అన్నది దీన్నే. గౌరవం మొదటి లైనులోనే కుక్కాల్సిన అవసరం తెలుగులో లేదు, ప్రతి క్రియ చివరా ఉంటుంది. అయితే క్రియల్లోనూ తేడా ఉంది. "పంపవలెను" అంటే ఉత్తర్వు. "పంపండి", "తెలుపగలరు" సరిపోతాయి.

చివరి వాక్యం కూడా ఊరికే రాయలేదు. "మీరు ఆడవారా మగవారా", "మీరు హెచ్.ఎం. గారేనా" అని అడగలేం కదా. బిల్లు ఎవరి పేరు మీద అన్నది ఎలాగూ కావలసిన సమాచారమే. దానికి జవాబులో పూర్తి పేరు, హోదా వాళ్లంతట వాళ్లే రాస్తారు. "పి. సింహాచలం, ప్రధానోపాధ్యాయులు" అని వచ్చిందనుకోండి, హోదా తేలింది. ఆడో మగో అప్పుడూ తేలలేదు! ప్రధానోపాధ్యాయులు అన్నది గౌరవ బహువచనం, ఇద్దరికీ నడుస్తుంది. ఫర్వాలేదు, మీకు తెలియాల్సిన పని కూడా లేదు. రెండో ఉత్తరం "ప్రధానోపాధ్యాయులు సింహాచలం గారికి నమస్కారం" అని వెళ్తుంది, సరిగ్గా వాళ్లు రాసుకున్న మాటతో. వాళ్లు "ప్రధానోపాధ్యాయిని" అని రాస్తే మీరూ అదే రాయండి. వాళ్లు `HM` అని రాస్తే హెచ్.ఎం. గారు అనండి, దాన్ని మీరు సంస్కృతంలోకి మార్చవద్దు.

పేరే లేని మెయిల్ వస్తే? చిరునామా `bluesky2211`, సంతకం లేదు. అప్పుడు "నమస్కారం." అని ఒక్క మాట, చుక్క, కింద లైనులో "మీరు 12వ తేదీన అడిగిన..." అని మొదలుపెట్టండి. చిరునామాలో ఉన్న మాటకి గారు తగిలించి "బ్లూస్కై గారూ" అనకండి, ఎగతాళిగా ఉంటుంది. ఒక సంఘం నుంచో, చాలామంది చూసే ఖాతా నుంచో వచ్చిందనిపిస్తే "పెద్దలకు నమస్కారం" అనవచ్చు, "సభ్యులకు నమస్కారం" అనవచ్చు. ఒక్క మనిషికి మాత్రం "పెద్దలకు" అనకండి, పాతికేళ్ల అమ్మాయి అయితే నవ్వుకుంటుంది. "శుభోదయం" కూడా వద్దు, మీరు పొద్దున్న రాసింది వాళ్లు రాత్రి చదవవచ్చు.

ఎవరో చెయ్యెత్తారు. వాట్సాప్‌లో నంబరు పెట్టి ఫొటో చూస్తే తెలిసిపోతుంది కదా అంటున్నారు. చూస్తారు, అందరూ చూస్తారు. ఏముంటుంది అక్కడ? వేంకటేశ్వర స్వామి ఉంటారు, మనవడు ఉంటాడు, పెళ్లిరోజు ఫొటోలో ఇద్దరూ ఉంటారు. ఒకవేళ సరిగ్గానే తెలిసినా, వాళ్లు మీకు చెప్పని సంగతి మీ జవాబులో కనబడితే, వీళ్లకెలా తెలిసింది అని ఒక ముల్లు గుచ్చుకుంటుంది. వాళ్లు ఈ ఉత్తరంలో ఇచ్చిందే వాడండి.

జవాబు ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ఏం చెయ్యాలి అని ఇంకొకరు. తెలుగువారే అని తెలుస్తుంటే `Dear P Simhachalam garu` అని రాయండి. మన రాష్ట్రంలో ఇంగ్లీషు ఉత్తరాల్లో గారు పెట్టడం అలవాటే, ఎవరూ తప్పు పట్టరు. తెలుగు కాని వారైతే పూర్తి పేరు, ముందు `Mr` గానీ `Ms` గానీ లేకుండా. `Dear Sir` మాత్రం వద్దు, అది "అయ్యా"కి తమ్ముడే.

ఇన్ని చూసినా ఒకసారి తప్పు పోతుంది. పోయిందని ఎలా తెలుస్తుంది? అరుదుగా నేరుగా చెబుతారు. ఎక్కువగా వాళ్ల తర్వాతి మెయిల్ అడుగున సంతకం మారుతుంది. మొదట రెండు అక్షరాలు ఉన్నచోట పూర్తి పేరు, పక్కన బ్రాకెట్‌లో శ్రీమతి అనో, కింద హోదా అనో వస్తుంది. అంటే మీకు నెమ్మదిగా చెబుతున్నారన్నమాట. అప్పుడు క్షమాపణ పేరాలు పేరాలు రాయకండి, వాళ్లు దాచి చెప్పినదాన్ని మీరు బజారున పెట్టినట్టవుతుంది. "పేరు సరిచేసుకున్నాం, క్షమించగలరు" అని ఒక్క వాక్యం రాసి, పని మాటలోకి వెళ్లిపోండి. ఆ పూటే మీ చిరునామాల పుస్తకంలో ఆ పేరు వాళ్లు రాసినట్టే మార్చి పెట్టండి, ఎందుకంటే రేపు ఆ సీట్లో మీరు ఉండకపోవచ్చు, కొత్తగా వచ్చినవారు పాత జవాబు చూసి మళ్లీ "అయ్యా" అనే మొదలుపెడతారు.